ఏకాదశి ఈ రోజా, రేపా? పంచాంగం లెక్క, పేలాల పిండి, జేజి షుగర్ మాత్ర

ఈ ఎపిసోడ్ మీరు అడిగిందే. "బ్రో, మా ఇంట్లో క్యాలెండర్‌లో ఏకాదశి మంగళవారం అని ఉంది, ఫోన్ యాప్‌లో బుధవారం చూపిస్తోంది, అమ్మ ఏ రోజు ఉపవాసం ఉండాలి?" అని. ఇలాంటి మెసేజ్‌లు నెలకు రెండుసార్లు వస్తున్నాయి. నెలకు రెండు ఏకాదశులు కాబట్టి అది కరెక్ట్ ఫ్రీక్వెన్సీయే.

మాది పాములపాడు. మా చుట్టుపక్కలే ఈ తేడా కనిపిస్తుంది. ఊళ్లో గుడి పూజారి పంచాంగం చూసి ఒక రోజు చెప్తాడు. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్తే అక్కడ శ్రీవైష్ణవ సంప్రదాయం. అటు మంత్రాలయం వెళ్తే రాఘవేంద్రస్వామి మఠం, మాధ్వ సంప్రదాయం. కొన్ని ఏకాదశులకు అందరిదీ ఒకటే రోజు. కొన్నిటికి ఒకళ్లు ఉపవాసం ఉన్న మర్నాడు ఇంకొకళ్లు ఉంటారు. ఎవరో తప్పు చేశారని కాదు. వాళ్లు పెట్టుకున్న షరతు వేరు, అంతే. ఆ షరతు ఏంటో తెలిస్తే ఈ గొడవ సగం తీరిపోతుంది.

ముందు తిథి అంటే ఏంటో చూద్దాం. తిథి అంటే రోజు కాదు. మనం భూమి మీద నుంచి చూస్తే సూర్యుడికి, చంద్రుడికి మధ్య కోణం ఉంటుంది కదా, అమావాస్య పూర్తయ్యే క్షణానికి అది సున్నా. అక్కడి నుంచి చంద్రుడు ముందుకు జరుగుతూ పోతాడు. ప్రతి 12 డిగ్రీలకూ ఒక తిథి. అంటే 120 డిగ్రీల దగ్గర శుక్ల ఏకాదశి మొదలై 132 దగ్గర అయిపోతుంది. పౌర్ణమి తర్వాత వచ్చే కృష్ణ ఏకాదశి 300 నుంచి 312 వరకు. చంద్రుడు ఒకే స్పీడ్‌లో తిరగడు కాబట్టి ఆ 12 డిగ్రీలకు ఒక్కోసారి 20 గంటలే పడుతుంది, ఒక్కోసారి 26 గంటలు దాటుతుంది. అందుకే తిథి పొద్దున తొమ్మిదికి మొదలవ్వచ్చు, అర్ధరాత్రి రెండుకి కూడా మొదలవ్వచ్చు. గడియారంతో దానికి సంబంధం లేదు.

మరి ఇన్ని గంటలకు మొదలై అన్ని గంటలకు అయిపోయే తిథిని ఒక "రోజు"కి ఎలా అతికించాలి? మామూలు రూల్ ఏంటంటే, సూర్యోదయానికి ఏ తిథి నడుస్తుంటే ఆ రోజు ఆ తిథి. స్మార్తులు, అంటే మన ఊళ్లల్లో ఎక్కువ ఇళ్లు, ప్రధానంగా దీన్నే పట్టుకుంటారు. వైష్ణవ సంప్రదాయాలు ఇంకో షరతు కలుపుతాయి. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు వేళను అరుణోదయం అంటారు. ఘడియ అంటే 24 నిమిషాలు, నాలుగు కలిపితే 96 నిమిషాలు. ఆ అరుణోదయానికి ఇంకా దశమి మిగిలి ఉంటే, ఆ ఏకాదశిని దశమి "తాకింది" అంటారు. దశమీ విద్ధ అని దాని పేరు. అలాంటి ఏకాదశి నాడు వాళ్లు ఉపవాసం ఉండరు, మర్నాడు ద్వాదశి నాడు ఉంటారు. పాలల్లో మజ్జిగ చుక్క పడితే ఆ పాలు ఇక పాలుగా పనికి రావు కదా, వాళ్ల భావన అలాంటిది.

కోడింగ్ చేసేవాళ్లకు చెప్పాలంటే ఇద్దరిదీ ఒకటే డేటా, `if` కండిషన్‌లో చెక్ చేసే టైమ్ మాత్రం వేరు.

ఇప్పుడు ఒక కేసు వేసి చూద్దాం. ఇది నేను లెక్క కోసం పెట్టుకున్న టైమింగ్స్, ఫలానా నెల అని కాదు. సెప్టెంబర్‌లో ఒక మంగళవారం అనుకోండి. నంద్యాలలో సూర్యోదయం పొద్దున 6:00. దశమి ఆ తెల్లవారుజామున 4:50కి అయిపోయి ఏకాదశి మొదలైంది. ఆ ఏకాదశి బుధవారం తెల్లవారుజామున 4:10 వరకు ఉంది. అక్కడి నుంచి ద్వాదశి, అది గురువారం 3:10 వరకు.

స్మార్తుల చెక్: మంగళవారం ఆరు గంటలకు ఏ తిథి? ఏకాదశి. సరే, మంగళవారమే ఉపవాసం.

వైష్ణవుల చెక్: ఆరు గంటల్లోంచి 96 నిమిషాలు తీసేస్తే 4:24. ఆ టైమ్‌కి ఏ తిథి? 4:50 దాకా దశమే. అంటే దశమి తాకింది. కాబట్టి ఉపవాసం బుధవారం.

చూశారా, తేడా అంతా ఆ 26 నిమిషాల్లో ఉంది. దశమి 4:20కే అయిపోయి ఉంటే ఇద్దరికీ మంగళవారమే వచ్చేది. మీ యాప్‌లో ఒకే నెలలో రెండు తేదీలు కనిపిస్తే, పంచాంగం తీసి దశమి ఎప్పుడు పోయిందో చూడండి. మీ ఊరి సూర్యోదయానికి ముందు ఆ గంటన్నరలో పోయిందంటే కారణం దొరికినట్టే. వైష్ణవ సంప్రదాయాల్లో కూడా వాళ్లలో వాళ్లకు ఇంకా చిన్న తేడాలు ఉన్నాయి, అవి వాళ్ల మఠం పంచాంగంలోనే చూసుకోవాలి.

"మీ ఊరి" అని ఊరికే అనలేదు. చాలామంది యాప్‌లో లొకేషన్ సెట్ చేయరు, ఢిల్లీయో ఉజ్జయినో డీఫాల్ట్‌గా ఉండిపోతుంది. సూర్యోదయం కాస్త మారితే చాలు, ఆ 4:24 కూడా మారిపోతుంది. ఇక డల్లాస్‌లో ఉన్న మన అన్నావాళ్లకైతే ఇంకా పెద్ద తేడా. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒకటే. మనకు మంగళవారం తెల్లవారుజాము 4:50 అంటే అక్కడ సెప్టెంబర్‌లో సోమవారం సాయంత్రం 6:20. కాబట్టి మంగళవారం తెల్లవారేసరికి అక్కడ దశమి వాసన కూడా ఉండదు, స్మార్తులకూ వైష్ణవులకూ ఒకటే రోజు. ఇక్కడ అమ్మా నాన్న క్యాలెండర్ ఫోటో తీసి పంపితే, అక్కడ అది పనికిరాదన్నమాట.

సరే, రోజు తేలింది. తినకూడనిది ఏంటి?

పట్టుగా చేసేవాళ్ల లెక్కలో ఇది మూడు రోజుల వ్యవహారం. దశమి నాడు ఒంటిపూట భోజనం. ఏకాదశి నాడు ఉపవాసం, వీలైతే రాత్రి జాగరణ. ద్వాదశి నాడు పొద్దున వ్రతం విడిచి, మళ్లీ ఒంటిపూటే. ఉపవాసంలో కూడా మెట్లున్నాయి. నీళ్లు కూడా ముట్టనిది నిర్జలం, తర్వాత నీళ్లతో ఉండటం, తర్వాత పాలు, పళ్లు, దుంపలు. ఇవేవీ కుదరనివాళ్లు రాత్రి ఒక్కపూట తినడం, దాన్ని నక్తం అంటారు. అన్నిటికీ కామన్ రూల్ ఒకటి: ధాన్యం వద్దు. బియ్యం, గోధుమ, జొన్న, పప్పులు, ఏవీ వద్దు.

ఇక్కడే మనవాళ్ల దగ్గర ఒక తమాషా జరిగింది. ఫలాహారం అంటే పళ్లు ఆహారంగా తీసుకోవడం. అది మన నోట్లో నలిగి నలిగి "పలారం" అయింది, పలారం అంటే టిఫిన్ అయింది. ఇప్పుడు "అవ్వ ఒక్కపొద్దు, పలారమే తింటుంది" అంటే ప్లేట్లో ఉప్మా ఉంటుంది! రవ్వ గోధుమే కదా. ఇడ్లీలో బియ్యం, మినుములు రెండూ ఉన్నాయి. అన్నం మానేశాం కాబట్టి ఉపవాసం అనేది మన ఇళ్లల్లో ఏర్పడిన లెక్క, గ్రంథాల లెక్క కాదు. ఎగతాళి చేయట్లేదు, పొద్దంతా పొలంలో వంగి పనిచేసే మనిషి ఉప్మా తిని ఉండటం కూడా మామూలు విషయం కాదు. కానీ "నేను ఏకాదశి నియమం ప్రకారం ఉంటున్నా" అని మీరు అనుకుంటుంటే, రవ్వ అందులోకి రాదు.

ఇంకా పెద్ద తమాషా తొలి ఏకాదశి. ఆషాఢ శుక్ల ఏకాదశి. విష్ణువు యోగనిద్రలోకి వెళ్లే రోజు అని చెప్తారు, కార్తీకంలో లేస్తాడు, ఆ నాలుగు నెలలు చాతుర్మాస్యం. ఏడాదిలో ముఖ్యమైన ఏకాదశుల్లో ఒకటి. ఆ రోజు మన ఊళ్లల్లో ఏం తింటారు? పేలాల పిండి! జొన్నలు వేయించి పేలాలు చేసి, దంచి, బెల్లం కలిపి. జొన్న అంటే పక్కా ధాన్యం. ధాన్యం వద్దన్న రోజున ధాన్యమే ప్రసాదం. మన పెద్దవాళ్లను అడిగితే, వానలు మొదలయ్యే కాలం, ఒంట్లో వేడి పుట్టాలి అంటారు. పితృదేవతలకు ఇష్టం అని ఇంకొకళ్లు అంటారు. నా అభిప్రాయం ఏంటంటే, ఇక్కడ రెండు పండగలు ఒకే తేదీ మీద కూర్చున్నాయి. ఒకటి పురాణం చెప్పే వ్రతం, రెండోది విత్తనం వేసే రైతు పండగ. మన దగ్గర రైతు పండగదే పైచేయి అయింది. మీ ఇంట్లో రెండూ కావాలంటే, ఉపవాసం ఉన్నవాళ్లు ఆ పిండిని ద్వాదశి పొద్దున తినొచ్చు. అది పాడయ్యే వస్తువు కూడా కాదు.

అసలు ధాన్యం మీదే ఎందుకు ఈ నిషేధం? పద్మపురాణం పేరుతో చెప్పే కథ ఒకటి ఉంది. పాపం ఒక మనిషి రూపంలో ఉంటుంది, పాపపురుషుడు. ఏకాదశి వచ్చిందంటే అందరి పాపాలూ పోతుంటే వాడికి ఉండే చోటు లేక విష్ణువు దగ్గర మొరపెట్టుకుంటాడు. ఆ రోజుకు ధాన్యంలో తలదాచుకోమని ఆయన చెప్తాడు. కాబట్టి ఆ రోజు ధాన్యం తింటే వాడిని తిన్నట్టే, అని. ఇంకో కథలో మురాసురుడితో యుద్ధం చేసి విష్ణువు బదరిలో ఒక గుహలో నిద్రపోతే, ఆయన శరీరంలోంచి ఒక స్త్రీ శక్తి పుట్టి ఆ రాక్షసుణ్ణి చంపుతుంది. ఆమెకు ఏకాదశి అని పేరు పెట్టి, ఈ తిథి నాడు ఉపవాసం ఉన్నవాళ్లకు ఫలం ఇచ్చే వరం ఇస్తాడు.

కథలు పక్కన పెట్టి ఆలోచనగా చెప్పేవాళ్లు పదకొండు అనే అంకెను పట్టుకుంటారు. జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు, మనసు ఒకటి. ఈ పదకొండుకీ ఆ రోజు సెలవు. ఉపవాసం అనే మాటకు దగ్గరగా ఉండటం అని అర్థం, దేవుడికి దగ్గరగా. కడుపు ఖాళీగా ఉంచడం అందులో ఒక భాగం మాత్రమే. నిజంగా నమ్మి చేసేవాళ్లను నేను చూశాను, వాళ్లకు ఆ రోజు వంట పని ఉండదు, టీవీ పెట్టరు, మాట తగ్గిస్తారు. వాళ్లు లాభనష్టాల లెక్క వేయరు.

లెక్క వేసేది మన రీల్స్ బ్యాచ్. "ఏకాదశికి చంద్రుడు మన ఒంట్లో నీళ్లను లాగుతాడు, సముద్రంలో పోటు వచ్చినట్టు, అందుకే తినకూడదు" అని ఒక వీడియో తిరుగుతోంది. సముద్రంలో పెద్ద పోటు వచ్చేది అమావాస్య, పౌర్ణమి చుట్టూ. ఏకాదశి అంటే దానికి ఇంకా మూడు నాలుగు రోజుల ముందు. వాళ్ల లెక్కే నిజమైతే ఉపవాసం పౌర్ణమికి ఉండాలి కదా? ఇంకోటి, "ఏకాదశికి నోబెల్ ప్రైజ్ వచ్చింది" అనేది. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ వచ్చింది, నిజమే. కణం తన పాత భాగాలను తనే విరగ్గొట్టి వాడుకునే ఆటోఫాజీ మీద. దానికి దారి చూపిన ఆయన ప్రయోగాలు ఈస్ట్ కణాల మీద చేసినవి. పదిహేను రోజులకోసారి ఏకాదశి నాడు సగ్గుబియ్యం కిచిడీ తినే మనుషుల మీద కాదు. నమ్మకానికి నమ్మకం చాలు, దానికి దొంగ సర్టిఫికెట్ ఎందుకు?

ఇప్పుడు చాలామంది పట్టించుకోని భాగం, పారణ. అంటే వ్రతం విడవడం. ఏకాదశి ఉండటం ఎంత ముఖ్యమో, ద్వాదశి నాడు టైమ్‌కి తినడం కూడా అంతే ముఖ్యం అని నియమం. ద్వాదశి తిథిలో మొదటి పావు భాగాన్ని హరివాసరం అంటారు, అందులో తినకూడదు. సూర్యోదయం అవ్వాలి. ద్వాదశి అయిపోకముందే తినాలి. మన మంగళవారం కేసులో చూడండి. ద్వాదశి బుధవారం 4:10 నుంచి గురువారం 3:10, మొత్తం 23 గంటలు. పావు భాగం అంటే 5 గంటల 45 నిమిషాలు. అంటే 9:55 దాకా హరివాసరం. కాబట్టి స్మార్తులు బుధవారం 9:55 తర్వాత తినాలి. పొద్దున లేవగానే కాఫీ తాగితే నియమం తప్పినట్టే. బుధవారం ఉపవాసం ఉన్న వైష్ణవులకు గురువారం తెల్లారేసరికి ద్వాదశి అయిపోయింది, అలాంటప్పుడు సూర్యోదయం కాగానే విడవొచ్చు.

ఈ టైమ్ ఎంత సీరియస్సో చెప్పే కథ భాగవతం తొమ్మిదో స్కంధంలో ఉంది, అంబరీషుడి కథ. పోతన గారి తెలుగులో కూడా చదవొచ్చు. అంబరీషుడు ఏడాది పాటు ద్వాదశీ వ్రతం చేసి, చివర్లో మూడు రాత్రులు ఉపవాసం ఉండి, పారణకు కూర్చోబోతుంటే దుర్వాసుడు వస్తాడు. రాజు భోజనానికి పిలుస్తాడు. సరే అని ఆయన యమునకు స్నానానికి పోయి రాడు. ద్వాదశి ఇంకా అర ముహూర్తమే ఉంది, అంటే 24 నిమిషాలు. అతిథికి పెట్టకుండా తింటే తప్పు, ద్వాదశి దాటిపోతే వ్రతభంగం. ఏం చేయాలి? రాజు తెలిసిన బ్రాహ్మణులతో చర్చిస్తాడు. నీళ్లు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది అని తేలుతుంది. నీళ్లు తాగి కూర్చుంటాడు. దుర్వాసుడు వచ్చి కోపంతో కృత్యను పుట్టించడం, సుదర్శన చక్రం ఆయన్నే తరమడం, ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. ఏడాది తర్వాత ఆయన తిరిగొచ్చేదాకా రాజు భోజనం చేయలేదట.

నాకు ఈ కథలో నచ్చింది చక్రం కాదు, ఆ గ్లాసు నీళ్లు. రెండు నియమాలు గుద్దుకున్నప్పుడు మొండికేయకుండా కూర్చుని మాట్లాడుకున్నారు, దారి వెతికారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా జేజి.

మా జేజికి షుగర్. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. కానీ షుగర్ మాత్ర మాత్రం మానకూడదని పొద్దున ఎట్లాగో మింగేసింది, దానిపైన ఏమీ తినలేదు. పదకొండు గంటలకు చెమటలు, చేతులు వణుకు, మాట తడబడుతోంది. ఇంట్లోవాళ్లు దేవుడు పూనాడేమో అనుకున్నారు! పక్కింటి ఏఎన్‌ఎం అక్క వచ్చి మిషన్ పెట్టి చూస్తే 52. షుగర్ 70 కంటే తగ్గితేనే డేంజర్. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది, పావుగంట ఆగి మళ్లీ చూసింది, పెరిగాక తినడానికి పెట్టింది. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్, కడుపులో ఏమీ లేకపోయినా షుగర్‌ని కిందికి తోస్తూనే ఉంటాయి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

జేజికి వచ్చిన బాధ షుగర్ కాదు. "చక్కెర నీళ్లు తాగించి నా ఒక్కపొద్దు చెడగొట్టినారు" అని సాయంత్రం దాకా ఏడ్చింది. అప్పుడు నేను డాక్టర్ మాట చెప్పలేదు, ఆమె వినదు. శాస్త్రం మాటే చెప్పాను. మహాభారతం ఉద్యోగపర్వంలో వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని లెక్క ఉంది: నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక తీర్చడం, గురువు మాట, మందు. చివరిది మందు! షుగర్ పడిపోయినప్పుడు చక్కెర నీళ్లు మందే కదా జేజీ అన్నాను. అది కాక, ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వాళ్లకే ఏకాదశి తప్పనిసరి అని స్మృతుల్లో ఉంది. జేజికి ఎనభై రెండు. "ఆ మాట ఎవురు రాసినారు?" అంది. మన గుడి పూజారినే పిలుచుకొచ్చాం. ఆయన కూడా అదే చెప్పాడు, ఇంకోటి కలిపాడు, "అవ్వా, నువ్వు పాలు, పండు తీసుకో, ఉపవాసం ఉన్నట్టే" అని. గురువు మాట కూడా ఆ ఎనిమిదిలో ఉందని నేను గుర్తు చేశాను.

ఇప్పుడు పద్ధతి ఏంటంటే, ఏకాదశికి రెండు రోజుల ముందు అమ్మ డాక్టర్‌కి ఫోన్ చేస్తుంది, ఆ రోజు ఏ మాత్ర ఎంత వేయాలో ఆయన చెప్తాడు. జేజి పొద్దున పాలు, మధ్యాహ్నం అరటిపండు, ఉడికించిన చిలగడదుంప కొంచెం తీసుకుంటుంది. మధ్యలో రెండుసార్లు మిషన్ పెట్టి చూస్తాం. పారణ టైమ్ నేను పంచాంగం చూసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతా. మీ ఇంట్లో కూడా షుగర్, బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఏకాదశి ఉంటుంటే, వాళ్ల మాత్రల పేర్లు రాసుకుని డాక్టర్‌ని ముందే అడగండి. మాత్ర మానేసి ఉపవాసం ఉండటం, మాత్ర వేసి తినకుండా ఉండటం, రెండూ సొంతంగా తీసుకునే నిర్ణయాలు కాదు.

మంత్రాలయం వెళ్లేవాళ్లకు చివరగా ఒక మాట. మాధ్వ మఠాల్లో ఏకాదశిని చాలా గట్టిగా పాటిస్తారు, ఆ రోజు అన్నప్రసాదం ఉంటుందని లెక్క వేసుకుని పోవద్దు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే తినడానికి ఏదైనా పట్టుకుని పోండి. మీ ఊళ్లో ఏకాదశి పలారం ఏంటో, తొలి ఏకాదశికి ఏం చేస్తారో కింద రాయండి, కొర్రలు తినేవాళ్లు ఉన్నారా అనేది నాకు తెలుసుకోవాలని ఉంది. ఉంటా మరి.